మిక్సింగ్ ట్యాంకు లెక్క తప్పుతోందా? లోపలికి 5, బయటికి 3 అన్నప్పుడు ఎక్కడ చూడాలి

లోపలికి వచ్చే నీళ్ళు, బయటికి పోయే నీళ్ళు సమానంగా ఉంటే మిక్సింగ్ ట్యాంకు లెక్క అందరికీ వస్తుంది. రెండు వేగాలూ వేరైతేనే గొడవ. అనంతపురంలో డిగ్రీ, ఇంజనీరింగు పిల్లలకు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెబుతుంటాను. ఏడాది మారినా, పుస్తకం మారినా తప్పులు మాత్రం అవే వస్తున్నాయి. అందుకే ఏ లక్షణం కనబడితే ఎక్కడ వెతకాలో ఇక్కడ రాస్తున్నాను. ఫస్ట్ ఆర్డర్ లీనియర్ ఈక్వేషన్‌ని ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్‌తో సాధించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

లెక్క మన ఊరిదే తీసుకుందాం. మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకు ఉంది. అందులో ఇప్పుడు 400 లీటర్ల బోరు నీళ్ళున్నాయి. లీటరుకు 2 గ్రాముల లవణాలు, అంటే మొత్తం 800 గ్రాములు. కుళాయి వదిలారు. లీటరుకు 0.5 గ్రాములున్న మంచి నీళ్ళు నిమిషానికి 5 లీటర్ల చొప్పున ట్యాంకులో పడుతున్నాయి. కింద ఇంట్లో వాడకం వల్ల నిమిషానికి 3 లీటర్లు పోతున్నాయి. నీళ్ళు ఎప్పటికప్పుడు బాగా కలిసిపోతున్నాయి అనుకోండి. ట్యాంకు నిండేసరికి అందులో ఎంత ఉప్పు ఉంటుంది?

పెన్ను పెట్టగానే రాయాల్సిన మొదటి వరుస ఒకటుంది. దాదాపు ఎవరూ రాయరు.

```
V(t) = 400 + (5 - 3)t = 400 + 2t
```

దాని కిందే రెండో వరుసగా ఈ ఈక్వేషన్ ఎంతసేపు చెల్లుతుందో రాయండి. ట్యాంకు 1000 లీటర్లు కాబట్టి 400 + 2t = 1000, అంటే t = 300 నిమిషాలు. ఈ రెండు వరుసలు రాశాకే ఉప్పు సంగతి. Q అంటే ట్యాంకులో ఉన్న ఉప్పు, గ్రాముల్లో. నిమిషానికి వచ్చేది 5 × 0.5 = 2.5 గ్రాములు. పోయేది 3 లీటర్లు, ఒక్కో లీటరులో Q/V గ్రాములు.

```
dQ/dt = 2.5 - 3Q/(400 + 2t),   Q(0) = 800
```

సెటప్ అంటే ఇంతే. "సార్, ఆన్సర్ రావట్లేదు" అని నోటుబుక్కు తెచ్చే వాళ్ళలో చాలామంది పేజీలో V(t) అన్న వరుసే కనబడదు. అది లేకపోతే నేను మిగతా పేజీ చదవను.

లక్షణం: జవాబులో e వచ్చింది

ఇది అన్నిటికంటే తేలిగ్గా దొరికే తప్పు. లోపలి వేగం, బయటి వేగం వేర్వేరు స్థిరాంకాలై, మీ జవాబులో e^(-0.0075t) లాంటిది కనబడితే మీరు V బదులు 400 పెట్టేశారన్నమాట. 3/400 = 0.0075, ఆ సంఖ్య మీ తప్పును పేరు పెట్టి చెబుతోంది. పరిమాణం మారే ట్యాంకులో జవాబు ఎప్పుడూ (400 + 2t) మీద ఏదో ఒక పవర్‌గా వస్తుంది, e రాదు. పరిమాణం మారనప్పుడే e వస్తుంది. వెనక్కి వెళ్ళి V(t) రాయండి.

లక్షణం: గాఢత 0.5 వైపు కాకుండా 0.833 వైపు పోతోంది

కొంతమంది Q వదిలేసి నేరుగా గాఢత c మీద ఈక్వేషన్ రాస్తారు. అది తప్పేమీ కాదు, నిజానికి మంచి దారే. కానీ వాళ్ళు రాసేది ఇలా ఉంటుంది: V dc/dt = 2.5 - 3c. ఇందులో c పోయి పోయి 2.5/3 దగ్గర, అంటే 0.833 దగ్గర ఆగుతుంది. లోపలికి వస్తున్న నీళ్ళలో 0.5 మాత్రమే ఉంటే, ఎంతసేపు పోసినా ట్యాంకు 0.833 దగ్గరే నిలబడిపోవడం ఎలా సాధ్యం?

కారణం ఏమిటంటే, Q = cV లో V కూడా మారుతోంది. ప్రొడక్ట్ రూల్ పెడితే dQ/dt = V dc/dt + c dV/dt అవుతుంది. రెండో పదం 2c. దాన్ని మరచిపోయారు. అది కలిపితే 3c కాస్తా 5c అవుతుంది:

```
V dc/dt = 5(0.5 - c)
```

ఈ ఈక్వేషన్‌ను ఒక నిమిషం చూడండి. ఇందులో బయటికి పోయే 3 ఎక్కడా లేదు, V లోపల దాక్కుని ఉంది తప్ప. అర్థం కూడా సూటిగా ఉంది. ట్యాంకులోంచి నీళ్ళు తీసేస్తే గాఢత మారదు, వేరే గాఢత ఉన్న నీళ్ళు పోస్తేనే మారుతుంది. ఈ సంగతి తర్వాత తనిఖీకి పనికొస్తుంది.

లక్షణం: అంతా సరిగ్గానే ఉన్నట్టుంది, కానీ జవాబు కలవడం లేదు

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. V(t) సరిగ్గా రాశారు, ఈక్వేషన్ సరిగ్గా ఉంది, t = 0 పెడితే 800 వస్తోంది. అయినా చివరి సంఖ్య తేడాగా ఉంది. ఒక్కోసారి తేడా ఎంత తక్కువంటే, "కాలిక్యులేటర్ రౌండింగు సార్" అని సర్దుకుపోతారు. పేపరు దిద్దేవాళ్ళ కంటికి కూడా ఇది తొందరగా ఆనదు. నా సాయంత్రాలు ఎక్కువగా తిన్నది ఇదే.

తప్పు ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్‌లో ఉంటుంది. మనకు కావలసింది 3/(400 + 2t) ఇంటిగ్రల్. అది 3 ln(400 + 2t) కాదు. లోపల t ముందు 2 ఉంది కాబట్టి దానితో భాగించాలి: (3/2) ln(400 + 2t). కాబట్టి ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ (400 + 2t) మీద 3/2 పవర్, 3 పవర్ కాదు.

"ఇది చిన్న పిల్లల తప్పు కదా, మాకెందుకు వస్తుంది" అనుకోవద్దు. ఎందుకు వస్తుందంటే, క్లాసులో మొదట చేసే లెక్కలు ఎక్కువగా లోపలికి 3, బయటికి 2 లాంటివి. తేడా 1. V = 100 + t. అక్కడ 1తో భాగించినా, మానినా ఒకటే. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ V మీద 2 పవర్ వస్తుంది, అది బయటికి పోయే వేగంతో సమానం. అలాంటివి నాలుగు చేశాక చేతికి ఒక అలవాటు పడిపోతుంది, "పవర్ అంటే బయటికి పోయే వేగం" అని. ఎవరూ అలా నేర్పరు, పిల్లలూ అలా నేర్చుకున్నామని ఒప్పుకోరు. తేడా 2 వచ్చిన రోజు ఆ అలవాటు బయటపడుతుంది.

ముందు సరైన దారి పూర్తిగా చూద్దాం. ఈక్వేషన్‌ను (400 + 2t)^(3/2) తో గుణిస్తే ఎడమవైపు Q(400 + 2t)^(3/2) కు డెరివేటివ్ అవుతుంది. కుడివైపు 2.5(400 + 2t)^(3/2) ను ఇంటిగ్రేట్ చేయాలి. ఇక్కడ కూడా లోపలి 2 తో భాగించాలి, ఇది రెండో చోటు. పవర్ 5/2 అవుతుంది, 5/2 తో ఒకసారి, 2 తో ఇంకోసారి భాగిస్తే 2.5/5, అంటే 0.5. అప్పుడు

```
Q = 0.5(400 + 2t) + C(400 + 2t)^(-3/2)
```

t = 0 దగ్గర 800 = 200 + C/8000. కనుక C = 48,00,000. ట్యాంకు నిండే సమయానికి V = 1000. 1000 మీద 3/2 పవర్ అంటే సుమారు 31,623. అక్కడ Q = 500 + 151.8 = 651.8 గ్రాములు. గాఢత లీటరుకు 0.652.

ఇప్పుడు భాగించడం మరిచే చోట్లు రెండున్నాయి కాబట్టి తప్పు మూడు రకాలుగా రావచ్చు. మొదటి చోట మాత్రమే మరిస్తే Q = 0.3125V + C/V³ వస్తుంది, నిండేసరికి 355.7 గ్రాములు. గాఢత 0.356. ఇది వెంటనే దొరుకుతుంది. ట్యాంకులో మొదట 2 ఉంది, పోస్తున్న నీళ్ళలో 0.5 ఉంది, రెండింటి మధ్యలో ఉండాల్సిన గాఢత 0.5 కన్నా కిందికి దిగింది. మంచి నీళ్ళకన్నా మంచి నీళ్ళు ట్యాంకులో పుట్టవు కదప్పా.

రెండో చోట మాత్రమే మరిస్తే V ముందు 1 వస్తుంది, జవాబు 1101 గ్రాములు. గాఢత 1.1. ఇది 0.5కి, 2కి మధ్యలోనే ఉంది కాబట్టి హద్దుల తనిఖీ దాటిపోతుంది. కానీ ఇలా ఒక్క చోటే మరిచేవాళ్ళు తక్కువ.

ఎక్కువమంది రెండు చోట్లా మరుస్తారు. ఒక అలవాటు ఒకే పేజీలో రెండుసార్లు పని చేస్తుంది. అప్పుడు వచ్చేది ఇది:

```
Q = 0.625(400 + 2t) + C(400 + 2t)^(-3)
```

C కట్టి V = 1000 పెట్టి చూడండి: 660.2 గ్రాములు. సరైనది 651.8. తేడా ఎనిమిది గ్రాములు, నూటికి ఒకటి చిల్లర. గాఢత 0.660, హద్దుల్లోనే ఉంది. t = 0 దగ్గర 800 సరిగ్గా వస్తోంది. ఆబ్జెక్టివ్ పేపరులో 650, 660 అని రెండు ఆప్షన్లు పక్కపక్కన ఇస్తే ఈ విద్యార్థి ధైర్యంగా 660 పెట్టి వస్తాడు. రెండు తప్పులు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకున్నాయి, కానీ నిండే క్షణం దగ్గర మాత్రమే. t = 100 దగ్గర చూస్తే సరైనది 626.6, తప్పుది 538. అక్కడ దాదాపు 90 గ్రాముల తేడా ఉంది. చివరి సంఖ్య ఒక్కటే చూసేవాళ్ళకు ఇది కనబడదు.

దీన్ని పట్టుకోవడానికి రెండు తనిఖీలున్నాయి. రెండూ కలిపి అర నిమిషం పని.

మొదటిది: జవాబులో V ముందున్న సంఖ్య చూడండి. అది లోపలికి వచ్చే నీళ్ళ గాఢతే కావాలి. ఇక్కడ 0.5. ఎందుకంటే, ట్యాంకు హద్దు లేకుండా పెరుగుతూ పోతే పాత ఉప్పు ప్రభావం కరిగిపోతుంది, చివరికి గాఢత పోస్తున్న నీళ్ళ గాఢతకే చేరాలి. 0.3125, 1, 0.625 మూడూ ఈ తనిఖీలో పడిపోతాయి. కుళాయిలోంచి వచ్చేది స్వచ్ఛమైన నీరైతే V పదమే ఉండదు, అప్పుడు ఈ తనిఖీ పనికిరాదు. అందుకే రెండోది కూడా కావాలి.

రెండోది: మొదటి నిమిషం చూడండి. సమస్యలో ఇచ్చిన సంఖ్యలతోనే, ఏమీ సాధించకుండా, t = 0 దగ్గర వేగం కట్టొచ్చు: 2.5 - 3 × 800/400 = -3.5. అంటే మొదటి నిమిషంలో ఉప్పు సుమారు మూడున్నర గ్రాములు తగ్గాలి. మీ జవాబులో t = 1 పెట్టండి. సరైన దాంట్లో 796.5 వస్తుంది, తగ్గుదల 3.5. రెండు చోట్లా మరిచిన దాంట్లో 793.1 వస్తుంది, తగ్గుదల 6.9. దాదాపు రెట్టింపు.

ఆ రెట్టింపు ఊరికే రాలేదు. డెరివేటివ్ తీసి t = 0 పెడితే సరిగ్గా -7 వస్తుంది. రెండు చోట్లా 2తో భాగించడం మరిచినప్పుడు మీరు సాధించింది ఇచ్చిన ఈక్వేషన్ కాదు, dQ/dV = 2.5 - 3Q/V అనే వేరే ఈక్వేషన్. అంటే Q నిమిషానికి ఎంత మారుతుందో చెప్పే లెక్కను, లీటరుకు ఎంత మారుతుందో చెప్పే లెక్కగా చదివారు. V నిమిషానికి 2 లీటర్లు పెరుగుతోంది కనుక Q కూడా రెండింతల వేగంతో మారినట్టు కనబడుతుంది. తేడా 4 లీటర్లయితే మొదటి వేగం నాలుగింతలు అయ్యేది. కాబట్టి మొదటి నిమిషం తనిఖీలో మీకు రావాల్సిన దానికి సరిగ్గా (లోపలి వేగం - బయటి వేగం) రెట్లు వస్తే ఇంకెక్కడా వెతకొద్దు, ఇదే తప్పు.

సరిచేసే పద్ధతి కూడా అందులోనే ఉంది. V మీద ఈక్వేషన్ రాయడం చేతికి అంత తేలికైతే, తెలిసే అలా రాయండి. t ను పక్కన పెట్టి మొదట్లోనే మొత్తం ఈక్వేషన్‌ను 2 తో భాగించేయండి:

```
dQ/dV = 1.25 - 1.5 Q/V,   V = 400 దగ్గర Q = 800
```

ఇక లోపల దాక్కున్న 2 ఎక్కడా లేదు. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ V^1.5. కుడివైపు 1.25 V^1.5 ఇంటిగ్రేట్ చేస్తే 0.5 V^2.5. జవాబు Q = 0.5V + C V^(-1.5), C అదే 48,00,000. చివర్లో V స్థానంలో 400 + 2t పెట్టండి. భాగించడం ఒకేసారి, పైనే, కళ్ళెదుట జరిగిపోయింది. నేను ఇప్పుడు అన్ని లెక్కలకూ ఇదే దారి చెబుతున్నాను. పరీక్షలో పుస్తకం పద్ధతే కావాలని పట్టుబట్టే మాస్టారుంటే, ఆయన కోసం t లో రాసి, రఫ్‌లో V తో సరిచూసుకోండి.

ఇంకో అడ్డ తనిఖీ కావాలంటే గాఢత ఈక్వేషన్ ఉంది కదా. దాన్ని సాధిస్తే c - 0.5 = 1.5 (400/V)^2.5 వస్తుంది. ఇక్కడ పవర్ 5/2, అంటే లోపలి వేగం బై తేడా. Q లో పవర్ 3/2, అంటే బయటి వేగం బై తేడా. రెండింటి మధ్య ఎప్పుడూ సరిగ్గా 1 తేడా ఉండాలి, ఎందుకంటే Q అంటే c ని V తో గుణించినదే. V = 1000 పెడితే 0.652 మళ్ళీ వస్తుంది.

ఒక మాట. ఈ లెక్కలో Q మొదట తగ్గి తర్వాత పెరుగుతుంది. t = 165 దగ్గర 608 గ్రాములకు దిగి, అక్కణ్ణుంచి నిండే దాకా పెరుగుతూ పోతుంది. ఇది చూసి చాలామంది కంగారుపడి మంచి జవాబును కొట్టేస్తారు. అందులో తప్పు లేదు. మొదట చిక్కని నీళ్ళు పోతున్నాయి కాబట్టి పోయే ఉప్పు ఎక్కువ. గాఢత 0.833 కు దిగాక వచ్చే 2.5 గ్రాములు, పోయే 2.5 గ్రాములు సమానమవుతాయి. ఆ తర్వాత వచ్చేదే ఎక్కువ. ఒకే వైపు పోవాల్సింది గాఢత, మొత్తం ఉప్పు కాదు.

లక్షణం: ట్యాంకు ఖాళీ అవుతుంటే ఉప్పు కొండలా పెరిగింది

ఇదే తప్పు గుర్తుతో సహా తిరగబడినప్పుడు. లోపలికి 3, బయటికి 5 అనుకోండి, మిగతావన్నీ పైవే. V = 400 - 2t, 200 నిమిషాలకు ఖాళీ. 5/(400 - 2t) ఇంటిగ్రల్ -(5/2) ln(400 - 2t). ఆ మైనస్ మరిస్తే జవాబులో V మీద -5/2 పవర్ వస్తుంది. V సున్నాకి దగ్గరైతే అది పేలిపోతుంది. ఒక నోటుబుక్కులో ఈ సూత్రంలోనే t = 198 పెట్టి చూపించాను: ట్యాంకులో 4 లీటర్ల నీళ్ళు, ఉప్పు 70 టన్నుల పైన. ఆ అబ్బాయి "లారీలు కావాలి సార్" అన్నాడు.

V పద్ధతిలో అయితే dV/dt = -2 తో భాగించాలి: dQ/dV = -0.75 + 2.5 Q/V. మైనస్ దానంతటదే చోటు చేరుతుంది. జవాబు Q = 0.5V + C V^2.5. పవర్ ప్లస్, కాబట్టి V సున్నాకి పోతే Q కూడా సున్నాకి పోతుంది. ఆ 4 లీటర్ల దగ్గర ఉప్పు 2 గ్రాముల చిల్లర, గాఢత 0.5 కు ఆనుకుని. ఇక్కడా V ముందు సంఖ్య 0.5 రావాలన్న తనిఖీ అలాగే పని చేస్తుంది.

లక్షణం: 300 నిమిషాలు దాటాక జవాబు అర్థం లేకుండా ఉంది

"500 నిమిషాలకు ఎంత?" అని అడిగితే సూత్రంలో 500 పెట్టేస్తారు. V = 1400 వస్తుంది. ట్యాంకు 1000 లీటర్లది. సూత్రం 791.6 గ్రాములు అని నిశ్చింతగా చెబుతుంది, దానికి ట్యాంకు సైజు తెలియదు కదా. రెండో వరుసలో 300 అని ఎందుకు రాయమన్నానో ఇప్పుడు తెలుస్తుంది.

నిండాక ఏం జరుగుతుందో సమస్య చెప్పాలి. ఫ్లోట్ వాల్వు ఉంటే లోపలి వేగం 3 కి తగ్గుతుంది. లేకపోతే ఓవర్‌ఫ్లో పైపులోంచి నిమిషానికి 2 లీటర్లు పోతాయి, మిద్దె గోడ తడుస్తుంది. ఓవర్‌ఫ్లో అనుకుందాం. ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. ఒకటి, పొర్లిపోయే నీళ్ళను మరచి పోయేది 3 అనే ఉంచడం. పొర్లే నీళ్ళలోనూ ఉప్పుంది. మొత్తం పోయేది 5. రెండు, గడియారం సున్నా చేయకపోవడం. కొత్త సమయం s = t - 300 అని పెట్టి, కొత్త మొదటి విలువ 800 కాకుండా 651.8 తీసుకోవాలి.

```
dQ/ds = 2.5 - 5Q/1000,   Q = 500 + 151.8 e^(-s/200)
```

ఇప్పుడు e వచ్చింది, ఇప్పుడు రావాలి కూడా, V స్థిరం కాబట్టి. s = 200 దగ్గర 555.8 గ్రాములు.

300 దగ్గర Q గ్రాఫు ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. అంతకుముందు నిమిషానికి 0.54 గ్రాములు పెరుగుతోంది, ఆ తర్వాత 0.76 గ్రాములు తగ్గుతోంది. భయపడకండి, పోయే నీళ్ళు ఒక్కసారిగా పెరిగితే అలాగే ఉంటుంది. గాఢత గ్రాఫులో మాత్రం ఆ మలుపు ఉండకూడదు, ఎందుకంటే గాఢత మార్పు లోపలికి వచ్చే నీళ్ళ మీదే ఆధారపడుతుందని ముందే చూశాం. ఫ్లోట్ వాల్వు పెట్టి ఉంటే అదీ మలుపు తిరిగేది.

చేతిలో ఫోనులోనో ల్యాబులోనో పైథాన్ ఉంటే నిండే దాకా లెక్కను ఇలా సరిచూడొచ్చు:

```python
Q, V, dt = 800.0, 400.0, 0.01
for i in range(30000):
    Q += (2.5 - 3*Q/V) * dt
    V += 2 * dt
print(Q, V)
```

651.8 దగ్గర రావాలి. ఇందులో ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ లేదు కాబట్టి అందులో చేసే తప్పు ఇక్కడికి రాలేదు. కానీ ఈక్వేషనే తప్పు రాస్తే ఇదీ తప్పే చెబుతుంది.

మిగతావి

యూనిట్లు: గంటకు లీటర్లు ఒక చోట, నిమిషానికి లీటర్లు ఇంకో చోట. జవాబు 60 రెట్ల వైపు తేడాగా ఉంటే అదే. విదేశీ పుస్తకాల్లో గాలన్లు, పౌండ్లు ఉంటే వాటిలోనే చేయండి, మార్చుకుంటూ కూర్చోవద్దు.

ఉప్పు కరిగితే నీటి పరిమాణం పెరగదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. లీటరుకు రెండు గ్రాముల దగ్గర పట్టించుకోనక్కరలేదు.

నీళ్ళు నిజంగా బాగా కలుస్తాయా అంటే కలవవు, పై పైపు దగ్గర ఒకలా, అడుగున ఒకలా ఉంటాయి. ఆ లెక్క వేరు, దానికి ఈ ఈక్వేషన్ చాలదు.

అడుగున కుళాయి తెరిచి వదిలేస్తే పోయే వేగం నీటి ఎత్తును బట్టి తగ్గుతుంది, స్థిరంగా 3 ఉండదు. అప్పుడు V కి కూడా వేరే డిఫరెన్షియల్ ఈక్వేషన్ ముందు సాధించాలి. సమస్యలో వేగం "నిమిషానికి ఇన్ని లీటర్లు" అని ఇచ్చి ఉంటే మాత్రం దాని జోలికి పోనవసరం లేదు.